సైలెన్సర్ బిగించినా ఇంత చప్పుడేంటి? వస్తువులో లోపమా?

గోదారిగట్టు
ఈమధ్య డల్లాస్ దగ్గర మా బావ వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆయన నన్ను షూటింగ్ రేంజికి తీసుకెళ్లాడు. ఆయనకి .308 బోల్ట్ రైఫిల్ ఉంది, దానికి సైలెన్సర్ కూడా ఉంది. కాగితాలన్నీ పెట్టి, రిజిస్టర్ చేయించి కొనుక్కున్నాడు. చెవులకి మఫ్స్ పెట్టుకోమంటే, సైలెన్సర్ ఉన్నాక ఇవెందుకని అడిగాను. ముందు పెట్టుకో అన్నాడు. మఫ్స్ ఉన్నా సరే మొదటి షాటుకే ఉలిక్కిపడ్డాను. రెండోది కాస్త తక్కువ అనిపించింది గానీ నిశ్శబ్దం అని మాత్రం ఎవరూ అనరు. సినిమాల్లో పక్క గదివాడికి కూడా వినపడదు కదా. బావని అడిగితే "అంతే వస్తుంది" అంటాడు తప్ప కారణం చెప్పడు. వస్తువులో లోపమా, బిగించడంలో తేడానా?

రీలు_రాంబాబు
లోపలి స్పాంజి పోయుంటుంది. సైలెన్సర్ లోపల శబ్దాన్ని పీల్చుకునే మెత్తటి సరుకు ఉంటుంది. రికార్డింగ్ స్టూడియో గోడలకి ఫోమ్ అతికించినట్టే. వేడికి అది కాలిపోతే మోత మొదలవుతుంది. మార్పిస్తే సరిపోతుంది.

బుల్లెట్_భద్రి
సైలెన్సర్ గోల నాకూ ఉంది. మొన్న బండికి కొత్తది వేయించాను. మోత ఎక్కువైందని చలాన్ రాశారు. పాతదే మళ్లీ పెట్టిస్తే ఒప్పుకుంటారా, లేక స్టేషన్‌కి వెళ్లి చూపించాలా?

గోదారిగట్టు
భద్రి గారూ, ఇది బండి సంగతి కాదండీ, తుపాకీ.

పీడనం_ప్రసాద్
వస్తువులో లోపం ఉందనుకోను. నేను ఉండేది ఆరిజోనాలో. కంప్రెసర్లు, ఇంజన్ల శబ్దం కొలవడం నా ఉద్యోగం, వారాంతాల్లో షూటింగ్. కాస్త నిదానంగా చెప్తాను.

ముందు రాంబాబు గారి స్పాంజి సంగతి. ఇప్పటి సైలెన్సర్లలో ఎక్కువ వాటిలో మెత్తటి సరుకు ఏదీ ఉండదు. స్టీలో, టైటానియమో, ఇంకేదైనా గట్టి లోహమో, అంతే. ఒక గొట్టం, దాని లోపల వరుసగా నిలబెట్టిన పలకలు, ప్రతి పలక మధ్యలో తూటా దూరడానికి ఒక రంధ్రం. వాటిని బాఫిల్స్ అంటారు. అవి పీల్చేది శబ్దాన్ని కాదు. శబ్దం పుట్టించబోయే గ్యాస్‌ని కాసేపు ఆపుతాయి.

తుపాకీ పేలినప్పుడు వచ్చే పెద్ద మోత ఎక్కడిదో చూడండి. .308 తూటాలో సుమారు 3 గ్రాముల మందు ఉంటుంది. అది కాలి గ్యాస్ అవుతుంది. ఆ గ్యాస్‌ని మామూలు వేడికి, మామూలు పీడనానికి తెస్తే రెండున్నర, మూడు లీటర్లు ఉంటుంది. తూటా బ్యారెల్ దాటే క్షణంలో అదంతా ఎక్కడుందో తెలుసా? బ్యారెల్ లోపలి ఖాళీ మొత్తం 30 మిల్లీలీటర్లకి అటూఇటూగా ఉంటుంది. అందులో కూరుకుని, ఎర్రగా కాలిపోతూ, కొన్ని వందల అట్మాస్ఫియర్ల పీడనంతో ఉంటుంది. తూటా బిరడాలాగా అడ్డం ఉంది కాబట్టి అంతవరకు ఆగింది. తూటా బయటపడగానే ఒక్కసారిగా బయటికి దూకి చుట్టూ ఉన్న గాలిని గుద్దుతుంది. ఆ గుద్దే మనం వినే "ఢాం".

గోలీసోడా గోలీని ఒక్కపోటున నొక్కితే ఎలా చిమ్ముతుంది, మెల్లగా నొక్కితే ఎలా బుసకొట్టి ఊరుకుంటుంది? సైలెన్సర్ చేసేది ఆ రెండోది. బయట గాలిలోకి పడాల్సిన గ్యాస్ ముందు సైలెన్సర్ గదుల్లో పడుతుంది. అక్కడ విస్తరిస్తుంది, సుడులు తిరుగుతుంది, లోహానికి తన వేడి ఇచ్చి చల్లబడుతుంది. వేడి తగ్గితే పీడనమూ తగ్గుతుంది. ఆ తర్వాత ముందు రంధ్రంలోంచి కొన్ని మిల్లీసెకన్ల పాటు సాగదీసుకుంటూ బయటికి వస్తుంది. గ్యాస్ మొత్తం మాత్రం అంతే ఉంది. ఒక్క దెబ్బగా కాకుండా విడతలుగా వచ్చింది, అదీ చల్లబడి.

గోదారిగట్టు
ఇది బాగా అర్థమైంది అన్నా. కానీ అంత పకడ్బందీగా ఆపితే పూర్తిగా ఎందుకు ఆపలేదు? ఇంకో పది పలకలు వేస్తే?

పీడనం_ప్రసాద్
రెండు అడ్డంకులు. మొదటిది చోటు. బావగారి సైలెన్సర్ బహుశా 20 సెంటీమీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్ల లావు ఉండి ఉంటుంది. పలకలు పోను లోపలి ఖాళీ 200 మిల్లీలీటర్లు అనుకోండి. బ్యారెల్‌తో పోలిస్తే ఏడు రెట్లు పెద్ద గది. మంచిదే. కానీ గ్యాస్ ప్రశాంతంగా పట్టాలంటే లీటర్లలో కావాలి. కాబట్టి సైలెన్సర్ నిండిపోయి ముందు నుంచి తోసుకు రావాల్సిందే. ఇంకా పెద్దది పెడితే ఇంకా తగ్గుతుంది, నిజమే. కాకపోతే తుపాకీ చివర అంత బరువు వేలాడేసుకుని ఎవరూ మోయలేరు.

రెండోది రంధ్రం. తూటా బయటికి పోవాలంటే మొదటి పలక నుంచి చివరి మూత దాకా తిన్నటి దారి తెరిచి ఉండాలి. తూటా లావు దాదాపు 8 మిల్లీమీటర్లు, కాబట్టి రంధ్రం అంతకన్నా కాస్త పెద్దదే అవ్వాలి. తూటా ఆ 20 సెంటీమీటర్లు దాటడానికి సెకనులో నాలుగు వేలవ వంతు పడుతుంది. ఆ కాస్త సమయంలోనే కొంత గ్యాస్ తూటా చుట్టూ ఉన్న సందులోంచి దానికన్నా ముందే జారిపోతుంది. తూటా వెళ్లాక రంధ్రం మూసుకోదు. తెరిచిన తలుపు తెరిచే ఉంటుంది.

బుల్లెట్_భద్రి
అయితే నా ప్రశ్న మరీ దూరం కాదన్నమాట. బండి సైలెన్సర్ కూడా ఇదే పని కదా చేసేది? గదులు, అడ్డుపలకలు. మరి బండిలో అంత బాగా తగ్గుతుంది, తుపాకీలో ఎందుకు తగ్గదు?

నల్లమల_మాస్టారు
భద్రి గారు మంచి చోట పట్టుకున్నారు. ఈ రెండిటికీ చుట్టరికం ఉంది. తుపాకీ సైలెన్సర్‌ని వ్యాపారంగా నిలబెట్టినవాడు హైరమ్ పెర్సీ మాక్సిమ్, అమెరికన్. 1909లో పేటెంట్ వచ్చింది. ఆయన తండ్రి మాక్సిమ్ మెషిన్‌గన్ కనిపెట్టిన హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్. తండ్రి తుపాకీ మోత పెంచితే కొడుకు తగ్గించాడు! కొడుకు ఇంజన్ల పొగగొట్టాల మోత తగ్గించే మఫ్లర్ల మీద కూడా పనిచేశాడు. హామ్ రేడియో వాళ్లకి ఆయన పేరు ఇంకోలా తెలుసు. 1914లో అమెరికా రేడియో ఔత్సాహికుల సంఘం ఏఆర్ఆర్ఎల్ పెట్టిన ఇద్దరిలో ఒకడు.

పీడనం_ప్రసాద్
మాస్టారు చెప్పింది కరెక్ట్. భద్రి గారికి జవాబు: ఇంజన్ నుంచి వచ్చే పొగ కొద్దిపాటి అట్మాస్ఫియర్ల పీడనంతో వస్తుంది, తుపాకీ మూతి దగ్గర వందల్లో. పైగా బండి సైలెన్సర్‌లో పొగని ఎన్ని వంకర్లయినా తిప్పొచ్చు, ఒక గొట్టంలోంచి వెనక్కి, ఇంకో దానిలోంచి ముందుకి. పొగకి ఇబ్బంది లేదు. తూటాని వంకర తిప్పలేం. తిన్నటి దారి ఇవ్వక తప్పదు. బండికీ తుపాకీకీ అసలు తేడా అక్కడే.

రీలు_రాంబాబు
స్పాంజి లేదన్నారు, సరే. రబ్బరు మాత్రం ఉంటుంది. నేను చదివాను. పాతకాలం గూఢచారుల పిస్టళ్లలో రబ్బరు బిళ్లలు ఉండేవి, తూటా వాటిని చీల్చుకుని వెళ్తే వెనకాల మూసుకునేవి. అంటే రంధ్రం మూసుకుంటుంది కదా?

పీడనం_ప్రసాద్
అది నిజమే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల వెల్‌రాడ్ పిస్టల్‌లో అలాంటి రబ్బరు బిళ్లలు వాడారు. బాగా పనిచేస్తాయి, కొద్ది షాట్లు మాత్రమే. ప్రతి తూటాకీ రబ్బరు చిరుగుతూ పోతుంది, కొన్నాళ్లకి అదీ తెరిచిన రంధ్రమే. తూటా రబ్బరుని తాకుతుంది కాబట్టి గురి కూడా కాస్త చెడుతుంది. .308 లాంటి దాని ముందు రబ్బరు నిలబడదు.

హవల్దార్_వెంకటస్వామి
మీరందరూ గొట్టం మూతి దగ్గరే ఆగిపోయారు. తూటా సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను ఫౌజులో ఉన్నప్పుడు రేంజి మీద బట్ డ్యూటీ చాలా చేశాను. అంటే టార్గెట్ల కింద గుంతలో కూర్చుని, ఫైరింగ్ అయ్యాక గుర్తులు చూపించే పని. తూటాలు నెత్తిమీద నుంచి పోతుంటాయి. అక్కడ ఒక షాటుకి రెండు శబ్దాలు వినిపిస్తాయి. ముందు నెత్తిమీద కొరడా కొట్టినట్టు "ఛట్". ఆ తర్వాత దూరంగా "ధబ్". మొదటిది తూటాది, రెండోది తుపాకీది. గుంతలో కూర్చున్న ఎవర్నైనా అడగండి.

గోదారిగట్టు
తూటాకి సొంత శబ్దం ఉంటుందా?

పీడనం_ప్రసాద్
హవల్దార్ గారు అసలు విషయానికి వచ్చారు. గాలిలో శబ్దం వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకి 343 మీటర్లు. .308 తూటా సుమారు 820 మీటర్లతో బయల్దేరుతుంది. శబ్దంకన్నా వేగంగా పోయే ఏ వస్తువైనా గాలిని పక్కకి తప్పుకోనివ్వదు, అంతా ముందు పేరుకుని ఒక అల అవుతుంది. ఆ అల తూటా ముక్కు నుంచి శంకువు ఆకారంలో వెనక్కి విచ్చుకుంటూ తూటాతోపాటే ప్రయాణిస్తుంది. అది మన చెవిని దాటిన క్షణంలో ఆ ఛట్ వినిపిస్తుంది.

ఇది తుపాకీలో పుట్టే శబ్దం కాదు. దారి పొడవునా, తూటా శబ్దవేగం కిందికి తగ్గేదాకా, గాలిలో పుడుతూనే ఉంటుంది. సైలెన్సర్ ఉండేది బ్యారెల్ చివర. వంద మీటర్ల అవతల గాలిలో పుట్టే శబ్దాన్ని అది ఏం చేయగలదు?

200 మీటర్ల దూరంలో హవల్దార్ గారు గుంతలో ఉన్నారనుకుందాం. దారిలో వేగం కాస్త తగ్గినా తూటా పావు సెకను దాటాక ఆయన్ని చేరుతుంది. మూతి దగ్గరి మోత రావడానికి దాదాపు 0.58 సెకన్లు. మధ్యలో 0.3 సెకన్ల ఖాళీ. చెవికి స్పష్టంగా రెండు ముక్కలు.

హవల్దార్_వెంకటస్వామి
ఆ ఖాళీని బట్టే కాల్చేవాడు ఎంత దూరంలో ఉన్నాడో అంచనా వేయడం మాకు నేర్పేవాళ్లు. ఖాళీ పెరిగితే దూరం ఎక్కువ. "ధబ్" వచ్చిన వైపు చూడాలి, "ఛట్" వైపు చూస్తే మోసపోతాం అని ఉస్తాద్ పదేపదే చెప్పేవాడు. ఛట్ వచ్చిన వైపు శత్రువు ఉండడు.

ఇప్పుడు సైలెన్సర్ పెట్టారనుకో. ధబ్ చాలావరకు పోతుంది, ఛట్ ఉంటుంది. ఎవరో కాలుస్తున్నారని అందరికీ తెలుస్తుంది. ఎక్కణ్ణుంచో తెలియదు. సైన్యాలు ఆ వస్తువు కొనేది ఇందుకు, నిశ్శబ్దం కోసం కాదు.

రీలు_రాంబాబు
అయితే తూటాని మెల్లగా పంపిస్తే సరి! శబ్దం వేగంకన్నా తక్కువ వేగం ఉన్న తూటాలు దొరుకుతాయి. సబ్‌సోనిక్. అవి వేస్తే సినిమాలో చూపించినట్టే నిశ్శబ్దం. అంటే సినిమావాళ్లు తప్పు చూపించలేదు.

పీడనం_ప్రసాద్
సగం వరకు అవును. సబ్‌సోనిక్ వేస్తే ఛట్ పూర్తిగా పోతుంది. పైగా మందు తక్కువ కాబట్టి గ్యాస్ తక్కువ, సైలెన్సర్‌కి పని తేలిక. .22 రైఫిల్ తూటాలో మందు గ్రాములో ఎనిమిదో వంతు ఉంటుంది. .308లో ఉండేదానిలో ఇరవయ్యో వంతుకన్నా తక్కువ. దానికి సైలెన్సర్ పెట్టి సబ్‌సోనిక్ కాలిస్తే నిజంగానే ఆశ్చర్యంగా ఉంటుంది.

కానీ అప్పుడు ఇంకో సంగతి బయటపడుతుంది. పెద్ద మోత పోయేసరికి అంతవరకు దాని కింద దాగిన చిన్న చప్పుళ్లన్నీ పైకి వస్తాయి. సుత్తి పిన్నుని కొట్టే చప్పుడు, ఆటోమేటిక్ అయితే బోల్టు వెనక్కి పోయి ముందుకొచ్చి ఇనుము మీద ఇనుము పడే చప్పుడు, తూటా లక్ష్యాన్ని తగిలే చప్పుడు. చివరిది చిన్నదేం కాదు. స్టీల్ పలకకి తగిలితే గంట కొట్టినట్టు ఉంటుంది. వీటిలో దేన్నీ బ్యారెల్ చివరి గొట్టం ఆపలేదు.

నల్లమల_మాస్టారు
దీనికి చరిత్రలో మంచి ఉదాహరణ డి లిజిల్ కార్బైన్. బ్రిటిష్ కమాండోల కోసం రెండో ప్రపంచ యుద్ధంలో చేశారు. లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ బోల్టు తీసుకుని, దానికి .45 పిస్టల్ తూటా పట్టేలా బ్యారెల్ పెట్టారు. ఆ తూటా సహజంగానే శబ్దంకన్నా నెమ్మది, సెకనుకి 255 మీటర్ల చిల్లర. బ్యారెల్ చుట్టూ, ముందూ పెద్ద సైలెన్సర్. బోల్ట్ తుపాకీ కాబట్టి పేలినప్పుడు ఏ భాగమూ కదలదు. ఇప్పటిదాకా చేసినవాటిలో అతి తక్కువ చప్పుడు చేసేవాటిలో ఒకటిగా దీన్ని చెప్తారు. ఇన్ని చేసినా, తర్వాతి తూటా కోసం బోల్టు లాగితే ఆ చప్పుడు వినపడేది. కాల్చే చప్పుడుకన్నా అదే ఎక్కువ అనేవాళ్లూ ఉన్నారు.

ఎయిర్‌గన్_ఏలూరు
నా ప్రీ చార్జ్‌డ్ ఎయిర్ రైఫిల్‌కి కంపెనీ నుంచే ముందు తొడుగు వస్తుంది. అది పేలిస్తే పక్కింటి కుక్క కూడా తల ఎత్తదు. "టక్" అని సుత్తి చప్పుడు, పెల్లెట్ తగిలిన చప్పుడు, అంతే. కాబట్టి నిశ్శబ్దం సాధ్యమే.

పీడనం_ప్రసాద్
మీరు విన్న ఆ రెండు చప్పుళ్లే నేను పైన చెప్పినవి. మీ రైఫిల్లో మండే మందు లేదు. చల్లటి గాలి, అదీ కొంచెం. అందుకే అంత బాగా తగ్గుతుంది. దాన్ని చూసి .308 గురించి చెప్పలేం.

గుంటూరు_వకీలు
ఏలూరు గారూ, ఎయిర్‌గన్ నుంచి అసలు తుపాకీ వైపు ఆలోచన మళ్లేలోపు ఒక మాట. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ఫైరార్మ్స్‌కి ఇచ్చిన నిర్వచనంలోనే, తుపాకీ పేలినప్పటి చప్పుడు గానీ మంట గానీ తగ్గించడానికి చేసిన ఉపకరణం కూడా చేరి ఉంది. అంటే తుపాకీ లేకుండా ఆ గొట్టం ఒక్కటి దగ్గరున్నా చట్టం దృష్టిలో ఆయుధమే. అమెరికాలో తిరిగే వీడియోలు చూసి ఇక్కడ ఆన్‌లైన్‌లో వెతకొద్దు.

తాంపెరె_పద్మజ
ఫిన్‌లాండ్ నుంచి. ఇక్కడ వేటగాళ్లలో చాలామంది రైఫిల్‌కి సైలెన్సర్ ఉంటుంది, ఎవరూ దాన్ని నేరస్తుల వస్తువులా చూడరు. మావారు ఊళ్లోవాళ్లతో కలిసి ఎల్క్ వేటకి వెళ్తారు. కారణం అడిగితే రెండే చెప్తారు, తమ చెవులు, కుక్క చెవులు. కుక్కకి మఫ్స్ పెట్టలేం కదా. రాంబాబు గారి సబ్‌సోనిక్ మాట మావారికి చదివి వినిపించాను. ఎల్క్ మీద అది కాల్చడం జంతువుని హింసించడమే అన్నారు. నెమ్మది తూటాకి ఒక్క దెబ్బకి చంపే బలం ఉండదట.

పీడనం_ప్రసాద్
ఆయన చెప్పింది లెక్కకి కూడా సరిపోతుంది. అదే బరువు తూటా 820కి బదులు 300 మీటర్లతో పోతే శక్తి ఏడో వంతుకి పడిపోతుంది. కింది వైపు జారడం కూడా ఎక్కువే, వంద మీటర్లకి అర మీటరు పైనే. అందుకే వేటగాళ్లు మామూలు వేగం తూటాలే వాడతారు, ఛట్‌ని భరిస్తారు.

ఈఎన్‌టీ_సుధ
చెవుల మాట వచ్చింది కాబట్టి. ప్రసాద్ గారూ, డెసిబెల్స్‌లో ఎంత తగ్గుతుందో చెప్పండి. మా దగ్గరికి వచ్చేవాళ్లు "సైలెన్సర్ ఉంది, చెవికి ఏం కాదు" అనే అంటారు.

పీడనం_ప్రసాద్
సైలెన్సర్ లేని .308 మూతి పక్కన 165 నుంచి 170 డెసిబెల్ శిఖరం చూపిస్తుంది. మంచి సైలెన్సర్ 30 వరకు తీసేస్తుంది. అంటే 135, 140 మధ్య. 30 డెసిబెల్ తగ్గడమంటే పీడనం ముప్ఫై రెండో వంతుకి పడిపోవడం. అంత పెద్ద తగ్గుదల. అయినా మిగిలింది 137 అనుకుంటే, దగ్గర్లో పేలిన పెద్ద టపాకాయ వరుసలోదే.

ఈఎన్‌టీ_సుధ
అదీ సంగతి. పేలుడు లాంటి శబ్దాలకి 140 డెసిబెల్ శిఖరం దాటకూడదని అమెరికా కార్మిక భద్రతా నియమాల్లోనూ ఉంది. 137 దానికన్నా తక్కువ కదా అనుకుంటారు జనం. 140 అనేది గోడ కాదు. ఒక షాటుకి ఏమీ కాకపోవచ్చు, మధ్యాహ్నమంతా కాలిస్తే లోపలి చెవి కణాలు ప్రతి షాటునీ లెక్కేసుకుంటాయి. పోయిన కణాలు మళ్లీ రావు. సైలెన్సర్, మఫ్స్ రెండూ ఉంటేనే నిశ్చింత. గోదారిగట్టు గారూ, మీ బావ మఫ్స్ పెట్టించి మంచి పని చేశారు.

హవల్దార్_వెంకటస్వామి
అమ్మా, మా రోజుల్లో చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లం. ఎడమ చెవిలో ఇప్పటికీ కీచురాయి కూత ఆగదు. కుడిచేత్తో కాల్చేవాళ్లకి ఎడమ చెవే మూతి వైపు ఉంటుందట, అందుకేనా?

ఈఎన్‌టీ_సుధ
అవునండీ, కుడి చెవికి తల అడ్డం వస్తుంది. ఒక్కసారి ఆడియోగ్రామ్ చేయించుకోండి. దూది మాత్రం దాదాపు ఏమీ ఆపదు.

హ్యూస్టన్_హరి
137 అంటే నమ్మను. నేను నా ఫోన్లో యాప్ పెట్టి కొలిచాను. సైలెన్సర్ లేకుండా 108, ఉంటే 104. అంటే సైలెన్సర్ చేసేది నాలుగు డెసిబెల్. డబ్బులు దండగ.

పీడనం_ప్రసాద్
హరి, ఫోన్ మైకు మాటల కోసం చేసింది. అంతకు మించిన పీడనం వస్తే అది పైకప్పుకి కొట్టుకుని ఆగిపోతుంది. మీకు కనిపించిన రెండు అంకెలూ ఆ పైకప్పువే, అందుకే దగ్గర దగ్గరగా ఉన్నాయి. తుపాకీ మోత మైక్రోసెకన్లలో శిఖరానికి చేరుతుంది. దాన్ని పట్టడానికి ప్రత్యేకమైన మైకులు కావాలి. అమెరికా సైనిక ప్రమాణం ప్రకారం మైకు మూతికి ఒక మీటరు పక్కన పెడతారు, కాల్చేవాడి చెవి దగ్గర ఇంకోటి. ఈ రెండూ వేర్వేరు అంకెలు ఇస్తాయి, కంపెనీలు తమకి బాగున్నదే పెట్టె మీద వేస్తాయి.

హ్యూస్టన్_హరి
చెవి దగ్గరిదే కదా అసలు లెక్క? నా ఏఆర్ సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి సైలెన్సర్ పెట్టాక గ్యాస్ అంతా నా మొహం మీదికే కొడుతోంది, కళ్లు మండుతున్నాయి.

పీడనం_ప్రసాద్
అవును, ముందు ఆపిన గ్యాస్ వెనక్కి కూడా దారి వెతుక్కుంటుంది. సెమీ ఆటోమేటిక్‌లో బోల్టు తెరుచుకునేసరికి బ్యారెల్లో ఇంకా పీడనం మిగిలే ఉంటుంది. అది మీ మొహం వైపు వస్తుంది, చప్పుడు కూడా ఆ దారిలోనే. అందుకే బోల్ట్ రైఫిల్‌కి పనికొచ్చినంతగా సైలెన్సర్ ఏఆర్‌కి చెవి దగ్గర పనికిరాదు. గ్యాస్‌ని ఎక్కువగా ముందుకి పంపే రకాలు ఇప్పుడు వస్తున్నాయి. వాటితో మొహానికి హాయి. మూతి దగ్గర కాస్త మోత పెరుగుతుందని కొందరు, పెరగదని కొందరు. నా అనుభవంలో తుపాకీని బట్టి మారుతోంది.

గోదారిగట్టు
నా మొదటి షాటు సంగతి మిగిలిపోయింది. రెండోది తక్కువ అనిపించడం నా భ్రమా?

పీడనం_ప్రసాద్
భ్రమ కాదు. మొదటి షాటుకి ముందు సైలెన్సర్ నిండా మామూలు గాలి ఉంటుంది, అందులో ఆక్సిజన్. వేడి గ్యాస్‌లో ఇంకా మండగలిగిన భాగం కొంత ఉంటుంది. అది లోపల ఆక్సిజన్‌తో కలిసి మళ్లీ మండుతుంది, మోత పెరుగుతుంది. రెండో షాటుకి లోపల ఉన్నది కాలిన పొగే, మండడానికి ఆక్సిజన్ లేదు. కాసేపు ఆపి మళ్లీ మొదలుపెడితే గాలి చేరి, మొదటి షాటు మళ్లీ గట్టిగా ఉంటుంది. పిస్టళ్లలోనూ .22లోనూ ఈ తేడా బాగా తెలుస్తుంది, .308లో కాస్త తక్కువ. రెండో షాటుకి మీరు సిద్ధంగా ఉన్నారు కూడా.

ఒకటి అడగాలి. రేంజికి పైకప్పు, పక్కన గోడలు ఉన్నాయా?

గోదారిగట్టు
ఉన్నాయి. రేకుల కప్పు. లేన్‌కీ లేన్‌కీ మధ్య కాంక్రీటు గోడ. ఎదురుగా మట్టికట్ట.

పీడనం_ప్రసాద్
అయితే లెక్క కుదిరింది. తూటా శంకువు ముందుకీ పక్కలకీ పోతుంది, వెనకున్న మీకు నేరుగా రాదు. గోడలు, కప్పు, మట్టికట్ట తగిలి తిరిగి వచ్చిందే మీరు విన్నారు, మిగిలిన మూతి మోతతో కలిపి. ఇదే రైఫిల్‌తో చెట్లూ గోడలూ లేని మైదానంలో కాల్చి చూడండి, సగం బాధ తగ్గినట్టు ఉంటుంది.

నిజంగా లోపం ఉంటే ఎలా తెలుస్తుందంటే: గొట్టం కాస్త వంకరగా బిగిస్తే తూటా పలకల్ని రాసుకుంటుంది. అప్పుడు గుండ్లు ఉన్నట్టుండి చెల్లాచెదురుగా పడతాయి, ముందు మూత రంధ్రం అంచున కొత్త గీత కనిపిస్తుంది. అలాంటిది కనిపిస్తే వెంటనే ఆపి, చేసినవాళ్లకి చూపించాలి, అది ప్రమాదం. గురి బాగుండి, రంధ్రం శుభ్రంగా ఉంటే వస్తువు తన పని చేస్తున్నట్టే.

గోదారిగట్టు
బావకి ఫోన్ చేశాను. గుండ్లన్నీ ఒకచోటే పడుతున్నాయి, అంచు శుభ్రంగానే ఉందన్నాడు. ఇంట్లో .22 కూడా ఉందట. ఈసారి దానితో చూపిస్తానన్నాడు. ఏ తూటాలు కొనమనాలి?

రీలు_రాంబాబు
పెట్టె మీద "సబ్‌సోనిక్" అని ఉన్నవి చాలు. ఛట్ రాదు.

తాంపెరె_పద్మజ
అంత సులువు కాదు. చలికాలంలో ఇక్కడ మైనస్ 10 ఉంటుంది, అప్పుడు శబ్దం వేగం 325కి తగ్గిపోతుంది. వేసవిలో ఛట్ రాని .22 తూటాయే చలిలో ఛట్ మంటుందని మావారి స్నేహితుడు అంటాడు.

హవల్దార్_వెంకటస్వామి
చలికి మందు కూడా మెల్లగా మండుతుందమ్మా. తూటా వేగం కూడా తగ్గుతుంది. రెండూ తగ్గితే తేడా ఎందుకొస్తుంది?

పీడనం_ప్రసాద్
రెండూ తగ్గుతాయి, సమానంగా తగ్గవు. .22 మామూలు తూటా 325, 330 దగ్గర పోతుంది, అంటే సరిగ్గా గీత మీదే ఉంది. విజయవాడ ఎండలో 42 డిగ్రీలుంటే శబ్దం 357తో పోతుంది, ఈ తూటాకి ఛట్ వచ్చే ఛాన్సే లేదు. చలిలో మాత్రం తుపాకీని బట్టి, మందుని బట్టి అటో ఇటో పడుతుంది. బ్యారెల్ పొడవు కూడా మారుస్తుంది. ఒకే పెట్టెలోని తూటాల మధ్య కూడా కొన్ని మీటర్ల తేడా ఉంటుంది, కాబట్టి పదింటిలో రెండు ఛట్ మని మిగతావి మౌనంగా పోవడం నేను విన్నాను. డల్లాస్‌లో ఈ నెలలో సబ్‌సోనిక్ వేస్తే బాధలేదు. 380తో పోయే హై వెలాసిటీ పెట్టె మాత్రం పొరపాటున తేవద్దని చెప్పండి, అది ఎంత ఎండలోనైనా ఛట్ మంటుంది.

హవల్దార్_వెంకటస్వామి
తూటా వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీ బావ దగ్గరుంటే పక్కన పెట్టమను. ఆ రోజు ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. ఏ తూటాకి ఛట్ వచ్చిందో, దేనికి రాలేదో పద్మజమ్మకీ నాకూ ఇక్కడ చెప్పు.

బుల్లెట్_భద్రి
అన్నలూ, నా చలాన్ సంగతి ఎవరైనా చెప్తారా?

గుంటూరు_వకీలు
భద్రి గారూ, కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ తిరిగి బిగించి, మెకానిక్ బిల్లుతో సహా ఫోటోలు తీసి పెట్టుకోండి. చలాన్ కాపీ నాకు విడిగా పంపండి, చూసి చెప్తాను.